ఇరవై రెండేళ్ల అనుభవం, ఎనిమిది–పన్నెండేళ్ల వడపోత

తన సిబ్బందిలో దాదాపు 2 శాతం మందిని, అంటే 12 వేల మందికి పైగా తగ్గించుకుంటున్నట్టు టీసీఎస్ 2025 జులైలో ప్రకటించింది. వాళ్లలో ఎక్కువమంది మధ్య, పై స్థాయుల వాళ్లేనని కూడా చెప్పింది. ఇంటి రుణం సగం కూడా తీరకుండా, పిల్లల ఇంజినీరింగ్ ఫీజులు ముందు పెట్టుకుని ఉన్న హైదరాబాద్ ఐటీ కుటుంబాలకు ఆ రెండో మాటే ఎక్కువ గుచ్చుకుంది. ఇన్నేళ్లూ రక్షణ అనుకున్న అనుభవాన్నే ఇప్పుడు ఖర్చు కింద లెక్కగట్టారు.

నలభై దాటినవాళ్లపై ఉద్యోగాల్లో వయసు వివక్ష చూపకూడదని అమెరికా 1967లోనే చట్టం చేసింది. మన దేశంలో ప్రైవేటు కంపెనీలకు అలాంటి ప్రత్యేక చట్టం లేదు. అయినా ‘మీకు వయసైపోయింది’ అని ఇక్కడ ఎవరూ ముఖం మీద అనరు. ఆ మాటను ప్రకటనలో ‘అనుభవం: 8–12 ఏళ్లు’ అనే వాక్యం అంటుంది. నౌకరీ లాంటి పోర్టల్‌లో రిక్రూటర్ ఆ రెండు అంకెలూ కొట్టి వెతికితే, 22 ఏళ్ల అనుభవం ఉన్న రెజ్యూమె తెర మీదికే రాదు. చూసి వద్దన్నవాళ్లు ఉండరు, అసలు చూసినవాళ్లే ఉండరు.

అందుకే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: దెబ్బ తగులుతున్నది వయసు వల్లా, నైపుణ్యం వల్లా? దరఖాస్తులు ఎక్కడ ఆగిపోతున్నాయో చూస్తే చాలావరకు తెలుస్తుంది. ఫోనే రాకపోతే వడపోత దగ్గరో, రెజ్యూమె దగ్గరో చిక్కు ఉంది. మొదటి ఫోన్‌లో ప్రస్తుత జీతం చెప్పగానే అవతలి గొంతు చల్లబడితే చిక్కు డబ్బుతో. టెక్నికల్ రౌండ్ దాకా వెళ్లి పదేపదే అక్కడే ఆగితే మాత్రం వయసును నిందించి లాభం లేదు, పనిలోనే వెనకబడ్డారని అర్థం. ఈ మూడింటికీ మందు ఒకటి కాదు. మొదటి రకం చిక్కున్నవాళ్లు కూడా కంగారులో వరుసగా కోర్సుల్లో చేరిపోయి, ఆరు నెలల తర్వాత మళ్లీ అదే వడపోత ముందు నిలబడుతున్నారు.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. వయసు 47. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో 22 ఏళ్లు, అందులో ఎక్కువ కాలం విదేశీ బ్యాంకుల చెల్లింపుల వ్యవస్థల మీదే. చివరి ఎనిమిదేళ్లు టెస్ట్ మేనేజర్: చేతితో పని మానేసి ఎక్సెల్ షీట్లు, స్టేటస్ కాల్స్, క్లయింట్ మెయిల్స్. ఇలాంటివాళ్లకు చుట్టూ వినిపించే సలహా ‘డేటా సైన్స్ నేర్చుకోండి’ అని. అది చెడ్డ సలహా. అక్కడ పోటీ ఇరవై నాలుగేళ్ల కుర్రాళ్లతో, పైగా వాళ్ల జీతానికి. ఈ మనిషికి 22 ఏళ్లలో అబ్బిన బ్యాంకింగ్ తెలివి అంతా అక్కడ వృథా.

మేలైన దారి అతని చేతిలోనే ఉంది. దేశాల మధ్య చెల్లింపులకు బ్యాంకులు దశాబ్దాలుగా స్విఫ్ట్ నెట్‌వర్క్‌లో MT103 అనే సందేశం వాడాయి. దాని స్థానంలో ISO 20022 ప్రమాణంలోని pacs.008 వచ్చింది. రెండూ కలిసి నడిచే గడువు 2025 నవంబరు 22తో ముగిసింది. పాత సందేశంలో డబ్బు అందుకునేవారి పేరు, చిరునామా కలిపి నాలుగు వరుసల్లో, వరుసకు 35 అక్షరాల్లో ఇమడాలి. కొత్తదాంట్లో పేరుకే 140 అక్షరాల చోటుంది, ఊరికీ దేశానికీ విడివిడి గడులున్నాయి. ఆ పొడవాటి పేరు బ్యాంకు లోపల ఇంకా బతికున్న పాత వ్యవస్థలోకి వెళ్లి మధ్యలో తెగిపోతే, ఆంక్షల జాబితాతో పేరు పోల్చే దగ్గర చెల్లింపు ఆగిపోవచ్చు, లేదా ఆగాల్సింది దాటిపోవచ్చు. ఎక్కడ తెగుతుందో ఊహించగలిగేది పాతదాన్ని ఏళ్ల తరబడి చూసిన మనిషే. రెండేళ్ల అనుభవం ఉన్న కుర్రాడికి ఆ అనుమానమే రాదు.

అయితే ఊహించడం ఒక్కటే చాలదు, చేతులు కదలాలి. అతనికి కావాల్సిన కొత్త నైపుణ్యం పెద్దదేమీ కాదు. XML సందేశాన్ని చదివి స్కీమాతో సరిచూడటం, పోస్ట్‌మ్యాన్‌తో ఏపీఐ పరీక్షలు, డేటాబేస్‌లో తనిఖీకి సరిపడా ఎస్‌క్యూఎల్, ఏదో ఒక భాషలో, జావా గానీ పైథాన్ గానీ, చిన్న ఆటోమేషన్. రోజూ పొద్దున గంటన్నర కూర్చుంటే నాలుగైదు నెలల పని. పునాది మరిచిపోయినవాళ్లకు స్వయం పోర్టల్‌లోని ఎన్‌పీటెల్ కోర్సులు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. సర్టిఫికెట్ కంటే విలువైనది మాత్రం వేరే ఉంది: తానే తయారుచేసిన నమూనా సందేశాలతో, పేరు తెగిపోయే తప్పును పట్టుకునే ముప్పయ్యో నలభయ్యో టెస్ట్ కేసులు గిట్‌హబ్‌లో పెట్టడం. పాత కంపెనీ ఫైలు ఒక్కటీ అందులో ఉండకూడదు, అది నేరం దాకా పోతుంది. ‘మేనేజర్ కదా, చేత్తో పని చేస్తారా?’ అన్న ప్రశ్నకు అంతకన్నా మంచి జవాబు లేదు.

రెజ్యూమెలో మొదటి పదేళ్లను రెండు మూడు వరుసలకు కుదించి, చెల్లింపుల పనిని ముందుకు తేవడంలో తప్పు లేదు. ఏళ్లు దాచడం మాత్రం ప్రమాదం. చేరేముందు జరిగే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో చాలా కంపెనీలు పీఎఫ్ యూఏఎన్‌లోని సర్వీసు చరిత్ర చూస్తాయి. ఆ యూఏఎన్‌కు జతైన ఉద్యోగాలు అక్కడ తేదీలతో సహా ఉంటాయి. దాచినది బయటపడితే చేతికొచ్చిన ఆఫర్ కూడా పోతుంది.

ఇక ఆ 8–12 ఏళ్ల వడపోతను దాటించేది మనుషులే. అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో ఒక విషయం చూపించాడు. పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో ఎక్కువమందికి ఆ కబురు అందించింది దగ్గరి స్నేహితులు కాదు, ఎప్పుడో ఓసారి కలిసే ముఖపరిచయస్తులు. కారణం సులువుగానే అర్థమవుతుంది: రోజూ కలిసే నలుగురికీ తెలిసిన ఖాళీలు మనకూ తెలిసినవే. మన 47 ఏళ్ల మనిషికి ఈ విషయంలో వయసే బలం. 22 ఏళ్లలో ఎన్ని ప్రాజెక్టులు, ఎంతమంది సహోద్యోగులు! ఒకప్పుడు అతని టీమ్‌లో ఫ్రెషర్‌గా చేరిన అమ్మాయి ఇవాళ ఏదో విదేశీ బ్యాంకు హైదరాబాద్ కేంద్రంలో మనుషుల్ని తీసుకునే స్థాయిలో ఉండవచ్చు. అతనెలా పనిచేస్తాడో ఆమె కళ్లారా చూసింది.

కానీ పదేళ్ల తర్వాత పెట్టే మొదటి మెసేజ్ ‘ఏమైనా ఓపెనింగ్స్ ఉన్నాయా అమ్మా?’ అని అయితే ఆ బంధం అక్కడే బిగుసుకుపోతుంది. ఆమె దగ్గర ఖాళీ ఉండకపోవచ్చు, లేదని చెప్పడానికి మొహమాటపడి జవాబే మానేయవచ్చు. ఆమె తేలిగ్గా జవాబివ్వగల ప్రశ్న వేయాలి: ‘మీ దగ్గర pacs.008కి మారాక టెస్టింగ్‌లో ఎక్కువ ఇబ్బంది ఎక్కడొస్తోంది? నేను ఈ మధ్య పేర్లు తెగిపోయే కేసుల మీద పనిచేస్తున్నాను, ఒక పావుగంట మాట్లాడగలవా?’ ఆ పావుగంటలో తాను ఉద్యోగం చూస్తున్న సంగతి దాచనక్కర్లేదు. చివర్లో ‘ఈ పని తెలిసినవాళ్లు ఇంకెవరితోనైనా మాట్లాడితే బావుంటుందా?’ అని అడిగితే పరిచయం మరో ఇద్దరికి పాకుతుంది. వారానికి మూడు నాలుగు ఇలాంటి సంభాషణలు చాలు. ఉద్యోగం ఉండగానే మొదలుపెడితే ఇంకా మంచిది, అప్పుడు గొంతులో ఆత్రం ఉండదు.

ఇంత చేసినా జీతం సంగతి మిగిలే ఉంటుంది. మేనేజర్‌గా తీసుకున్న మొత్తం, చేత్తో పనిచేసే సీనియర్ టెస్టర్‌కు చాలా కంపెనీలు ఇవ్వవు. ఎంతవరకు తగ్గగలరో రిక్రూటర్ అడిగాక ఆలోచించడం కాకుండా, ఇంటి ఈఎంఐ, ఫీజులు, ఆరోగ్య బీమా లెక్కవేసి ఇంట్లో ముందే ఒక అంకె అనుకోవాలి. ఆ అంకెను మొదటి ఫోన్‌లోనే చెప్పేస్తే, మూడు రౌండ్ల తర్వాత ‘బడ్జెట్ సరిపోలేదు’ అనే మాట తప్పుతుంది. ఏడాది కాంట్రాక్టు ఇస్తామంటే అప్పుడు చూడాల్సినవి వేరు: సొంత బీమా ఖర్చు ఎంత, పీఎఫ్ ఉందా లేదా, మధ్యలో తీసేయాలంటే ఎన్ని రోజుల నోటీసు ఇస్తారు, ప్రాజెక్టు ముగిశాక పొడిగించే ఆనవాయితీ ఆ టీమ్‌లో ఉందా. చివరి ప్రశ్నకు జవాబు హెచ్‌ఆర్ కన్నా ఆ టీమ్‌లో ఇప్పటికే కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లే సరిగ్గా చెబుతారు.