రసీదు పుస్తకాల నుంచి ఒకే షీట్‌లోకి

(అన్నదాన ట్రస్టు లెక్కలు కంప్యూటర్‌లోకి ఎక్కించిన ఒక వాలంటీరు, ట్రస్టీకి రాసిన ఉత్తరం)

అయ్యా,

ఏడో రసీదు పుస్తకం ఎక్కించడం పూర్తయింది. రసీదుకు ఒక వరుస చొప్పున పుస్తకం నంబరు, రసీదు నంబరు, తేదీ, దాత పేరు, మొత్తం, చెల్లించిన పద్ధతి వేర్వేరు గడుల్లో రాశాను. 601 నుంచి 700 వరకు నంబర్లన్నీ ముందే వేసుకున్నాను. అందుకే 643 కార్బన్ కాపీ లేదని వెంటనే తెలిసింది. రద్దయిన రెండు రసీదులనూ వదలకుండా, మొత్తం సున్నాగా చూపించి, పక్కన ‘రద్దు’ అని రాశాను. లేకపోతే రేపు ఆ నంబర్లు ఏమయ్యాయని అడిగితే జవాబు ఉండదు.

ఒకే నంబరు రెండుసార్లు పడిందేమో ఈ సూత్రంతో చూశాను. 1 కంటే ఎక్కువ వస్తే తప్పు ఉన్నట్టే.

```
=COUNTIF(B:B,B2)
```

చివర్లో షీట్ మొత్తం రూ.48,350 వచ్చింది. మీ నగదు పుస్తకంలో రూ.47,450 ఉంది. తేడా 900. తేడా తొమ్మిదితో భాగింపబడితే, పక్కపక్క అంకెలు తారుమారై ఉండొచ్చని అనుమానించాలి. వెతికితే 668వ రసీదు దొరికింది. అంకెల్లో 1,200ను నేను 2,100గా కొట్టాను. అక్షరాల్లో ‘పన్నెండు వందలు’ అని స్పష్టంగా ఉంది. సరిదిద్దాక లెక్క కుదిరింది.

643 గురించి మాత్రం ఆ రోజు వసూలు చేసినవారిని మీరే అడగాలి. అందాకా ఆ గడి ఖాళీగానే ఉంచాను.

ఇట్లు,
మీ వాలంటీరు