రీచ్ పడిపోయిందా, శిక్ష పడిందా?

తెనాలిలో ఉండే మా మేనకోడలు ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి అమ్ముతుంది. గిరాకీ చాలావరకు ఇన్‌స్టాగ్రామ్ నుంచే వస్తుంది. జూన్ చివర్లో ఒక రాత్రి ఫోన్ చేసి, "మామయ్యా, నా అకౌంట్‌ని షాడోబ్యాన్ చేశారు. లక్షా ఎనభై వేల మంది చూసిన పేజీని ఇప్పుడు రెండు వేల మంది కూడా చూడట్లేదు" అంది. గొంతులో ఏడుపు వినబడుతోంది. అప్పటికే ఎవరో చెప్పారని ఆరు పాత రీల్స్ తీసేసిందట. మర్నాడు బిజినెస్ అకౌంట్‌ని మామూలు అకౌంట్‌గా మార్చేద్దామనుకుంటోంది.

ఆ చివరి పని మాత్రం చేయొద్దని గట్టిగా చెప్పాను. బిజినెస్ అకౌంట్‌కి రీచ్ తగ్గిస్తారన్నది చాలాకాలంగా తిరుగుతున్న మాట. దాన్ని నమ్మి మార్చుకుంటే, ఏ పోస్టును ఎవరు చూశారో చెప్పే ఇన్‌సైట్స్ లెక్కలు పోతాయి. జబ్బేమిటో తేల్చుకోవాల్సిన వేళ రిపోర్టులు చించేసుకున్నట్టే.

షాడోబ్యాన్ అంటే మనకు చెప్పకుండా మన పోస్టులు ఇతరుల కంట పడకుండా చేయడం. మన ఫోన్‌లో అంతా మామూలుగానే కనిపిస్తుంది కాబట్టి అనుమానం పుట్టిందంటే ఒక పట్టాన వదలదు. ఈ భయం పూర్తిగా గాలిలోంచి పుట్టిందీ కాదు. వికలాంగుల వీడియోలు ఎక్కువ మందికి చేరకుండా టిక్‌టాక్ పరిమితులు పెట్టిందని 2019 డిసెంబరులో జర్మనీ వార్తాసంస్థ నెట్జ్‌పొలిటిక్ బయటపెట్టింది. వేధింపుల నుంచి వాళ్లను కాపాడటానికే అలా చేశామని, అది సరైన పద్ధతి కాదని ఆ కంపెనీ ఒప్పుకుంది. కాబట్టి "అలాంటిదేమీ ఉండదు" అని కొట్టిపారేయడం తప్పు. అయితే పడిపోయిన ప్రతి అంకె వెనకా ఒక శిక్ష ఉందనుకోవడమూ అంతే తప్పు.

ఇన్‌స్టాగ్రామ్ సంగతికొస్తే, శిక్ష ఎక్కడ పడుతుందో ముందు తెలియాలి. మన పోస్టు జనానికి చేరడానికి రెండు దారులున్నాయి. ఒకటి, మనల్ని ఫాలో అవుతున్నవాళ్ల ఫీడ్. రెండోది, మనమెవరో తెలియని వాళ్లకు రీల్స్‌లోనూ ఎక్స్‌ప్లోర్‌లోనూ ఆ యాప్ తానుగా చూపించడం. దీన్నే రికమెండేషన్ అంటారు. దీనికి విడిగా నియమాలున్నాయి. అవి మామూలు నియమాలకన్నా కఠినం. అంటే ఒక పోస్టు తీసేయాల్సినంత తప్పు కాకపోయినా, కొత్తవాళ్లకు చూపించడానికి పనికిరాదని తేలవచ్చు. సిగరెట్లు, వేపింగ్ వాడకాన్ని ప్రోత్సహించేవి అలాంటివి. ఇతరుల వీడియోలు తెచ్చి పెట్టే అకౌంట్లకూ ఇదే వర్తిస్తుంది. సొంతంగా ఏమీ చేర్చకుండా 30 రోజుల్లో 10 సార్లు గానీ అంతకు మించి గానీ అలా పెడితే రికమెండేషన్ ఆపేస్తామని 2024 ఏప్రిల్‌లో ఇన్‌స్టాగ్రామ్ ప్రకటించింది.

తేడా పట్టుకునేది ఇక్కడే. ఈ రకం శిక్ష పడినప్పుడు మూసుకునేది అపరిచితుల తలుపు. ఫాలోవర్లకు పోస్టు ఎప్పటిలాగే వెళుతుంటుంది. కాబట్టి మొత్తం వ్యూస్ చూసి లాభం లేదు. ఇన్‌సైట్స్‌లో ఫాలోవర్లు ఎంత శాతం, ఫాలో కానివాళ్లు ఎంత శాతం అన్న గీత చూడాలి. సగం దాకా ఉండే కొత్తవాళ్ల వాటా ఒక తేదీ నుంచి హఠాత్తుగా ఒకటి రెండు శాతానికి పడి, రీల్ అయినా ఫొటో అయినా, ఏ విషయం మీదైనా అక్కడే ఉండిపోతే అనుమానించాల్సిందే. ఒక్క రీల్‌కు అలా జరిగితే మాత్రం దాన్నిబట్టి ఏమీ చెప్పలేం. రీల్‌ను యాప్ ముందు కొద్దిమందికి చూపిస్తుంది. వాళ్లు చివరిదాకా చూశారా, ఇంకొకరికి పంపారా అన్నదాన్నిబట్టి ముందుకు తోస్తుంది. ఆ కొద్దిమందే ఆగి చూడకపోతే రీల్ అక్కడే ఆగిపోతుంది.

మా అమ్మాయి లెక్కలు ఇద్దరం కలిసి ఒక కాగితం మీద రాసుకున్నాం. లక్షా ఎనభై వేలు దాటినది మే నెలలో ఆవకాయకు మామిడికాయలు కొట్టే రీల్. దానికి ముందరి 11 రీల్స్‌ను వ్యూస్ వరసన చిన్నదాని నుంచి పెద్దదాకా పేర్చితే మొదటిది 900, చివరిది 6,100, సరిగ్గా మధ్యలోని ఆరోది 2,400. బడిలో మధ్యగతం అని నేర్పేది దీన్నే. ఇక్కడ సగటు తీయకూడదు. లక్షా ఎనభై వేల రీల్ ఒక్కటి చేరినా సగటు ఎక్కడికో పోతుంది, ఆ తరవాత వచ్చిన ప్రతిదీ పతనంలాగే కనిపిస్తుంది. పెద్ద రీల్ తరవాతి రెండూ 11,000, 5,200 చూశాయి. దాని వేడి ఇంకా తగ్గలేదన్నమాట. ఆ పైన పెట్టిన 7 రీల్స్ మధ్యగతం 2,100. కొత్తవాళ్ల వాటా మునుపు 55 శాతం, ఇప్పుడు 50 శాతం.

అంటే ఏమీ మూసుకుపోలేదు. ఆమె తన మామూలు స్థాయికి తిరిగి వచ్చింది. పైగా జూన్ చివరికి ఆవకాయ పెట్టేవాళ్లు పెట్టేసుకుంటారు.

"మరి ఫాలోవర్లు 4,300 నుంచి 7,000 అయ్యారు కదా మామయ్యా, వ్యూస్ ఎందుకు పెరగలేదు?" అని అడిగింది. మంచి ప్రశ్నే. కొత్తగా వచ్చినవాళ్లు ఆ ఒక్క రీల్ చూసి వచ్చారు. వాళ్లలో పచ్చడి కొనేవాళ్లు కొందరే. నిమ్మకాయ పచ్చడి రీల్ కనబడితే మిగతావాళ్లు వేలితో పైకి తోసేస్తారు.

తరవాత Account Status తెరిపించాను. ప్రొఫైల్‌లో మూడు గీతల మెనూ నొక్కి, సెట్టింగ్స్‌లోకి వెళితే దొరుకుతుంది. 2022 డిసెంబరు నుంచి, మన పోస్టులు ఫాలో కానివాళ్లకు చూపించడానికి అర్హమైనవో కావో కూడా ఇది చెబుతోంది. అర్హత పోతే ఏ పోస్టు వల్ల పోయిందో చూపిస్తుంది. ఆ పోస్టును మార్చుకోవచ్చు, తీసేయవచ్చు, పొరపాటుగా పట్టుకున్నారనిపిస్తే మళ్లీ చూడమని కోరవచ్చు. మా అమ్మాయి పేజీలో ఏ అభ్యంతరమూ లేదు. అయితే ఈ పేజీ అన్నీ చెబుతుందనుకోకూడదు. వేరే యాప్ ముద్ర ఉన్న రీల్స్‌ను తక్కువగా చూపిస్తామని ఇన్‌స్టాగ్రామ్ 2021లోనే చెప్పింది. అది ఆ రీల్ వరకే పడే కోత, అకౌంట్ మీద శిక్ష కాదు. అందుకే ఈ పేజీనీ కొత్తవాళ్ల శాతాన్నీ కలిపి చదవాలి.

ఆమె చేసిన ఇంకో పరీక్ష, స్నేహితురాలి ఫోన్‌లో తన హ్యాష్‌ట్యాగ్ వెతికించడం. పోస్టు కనబడలేదు, దాంతో భయం ఖాయమైంది. ఈ పరీక్షకు ఇప్పుడు విలువ లేదు. ఆ ఫలితాలు తేదీ వరసలో రావు, యాప్ ఎంచిన వరసలో వస్తాయి. ఏ తప్పూ లేని కోట్ల పోస్టులు అక్కడ కనబడవు.

మన పోస్టును ఫాలోవర్లలో 7 శాతానికే చూపిస్తారన్న మాట కూడా ఆమె చెవిన పడింది. అది నిజం కాదని ఇన్‌స్టాగ్రామ్ 2019 జనవరిలోనే బహిరంగంగా చెప్పింది. అయినా ఏటా కొత్త పేజీల్లో పుడుతూనే ఉంది.

ఒక జాగ్రత్త మాత్రం ఆమె నోట్‌బుక్కులో రాయించాను. 2024 ఆగస్టు నుంచి ఇన్‌స్టాగ్రామ్ అన్ని రకాల పోస్టులకూ వ్యూస్‌నే ముఖ్యమైన కొలతగా చూపిస్తోంది. ఒకరే మూడుసార్లు చూస్తే వ్యూస్ మూడు, రీచ్ ఒకటి. పాత నెలల రీచ్ పక్కన ఈ నెల వ్యూస్ పెట్టి పోలిస్తే లేని పెరుగుదల కనబడుతుంది, అటుదిటు పోలిస్తే లేని పతనం కనబడుతుంది.

తీసేసిన ఆరు రీల్స్ Recently Deleted లో ఉన్నాయి. 30 రోజుల లోపే కాబట్టి వెనక్కి తెచ్చుకుంది. వాటిలో ఒకటి గోంగూర రీల్. దాని కింద ధర అడుగుతూ 14 మంది రాశారు, ఆమె ఇంకా జవాబివ్వలేదు.