డబ్బు వచ్చింది సరే, ఏ బిల్లుకు జమ?

విజయవాడలో టైల్స్, పైపులు హోల్‌సేల్‌గా అమ్మే ఒక దుకాణం ఉందనుకుందాం. నూజివీడులోని ఒక రిటైల్ షాపుకు వాళ్లు 30 రోజుల అరువు మీద సరుకు పంపుతారు. ఆగస్టు 20 నాటికి ఆ పార్టీ పేరున నాలుగు బిల్లులు తెరిచి ఉన్నాయి. జూన్ 4 నాటి 412 నంబరు బిల్లు 48,000 రూపాయలు. జూన్ 19 నాటి 447 బిల్లు 62,500. జులై 11 నాటి 503 బిల్లు 35,400. జులై 28 నాటి 538 బిల్లు 54,100. మొత్తం సరిగ్గా రెండు లక్షలు. ఆ రోజు మధ్యాహ్నం బ్యాంకు ఖాతాలో నెఫ్ట్ ద్వారా 1,20,000 పడింది. స్టేట్‌మెంట్‌లో షాపు పేరు తప్ప ఏ బిల్లు తాలూకు డబ్బో రాసి లేదు. ఏ ఒక్క బిల్లుకూ, ఏ రెండు బిల్లుల మొత్తానికీ అది సరిపోలదు.

చాలా ఆఫీసుల్లో తర్వాత జరిగేది ఒకటే. అకౌంటెంట్ ట్యాలీలో రసీదు వోచర్ తెరిచి, పార్టీ పేరు ఎక్కించి, మొత్తం వేస్తాడు. ఏ బిల్లుకు అని సాఫ్ట్‌వేర్ అడిగితే `On Account` అని ఎంచుకుని ఎంటర్ కొడతాడు. బ్యాంకు పెరిగింది, పార్టీ బకాయి రెండు లక్షల నుంచి 80,000కు దిగింది. లెడ్జర్ తప్పు కాదు, ట్రయల్ బ్యాలెన్స్ కలుస్తుంది, ఆడిటర్ కూడా మొత్తం చూసి ముందుకు పోవచ్చు. అందుకే ఈ తప్పు నెలల తరబడి ఎవరి కంటా పడదు.

అది బయటపడేది బిల్లుల వారీ బకాయిల రిపోర్టులో. నెలాఖరున ఆ రిపోర్టు తీస్తే నాలుగు బిల్లులూ పూర్తి మొత్తాలతో అలాగే నిలబడి ఉంటాయి. అడుగున ఎక్కడో మైనస్ 1,20,000 ఒంటరిగా కూర్చుని ఉంటుంది. కూడితే 80,000 వస్తుంది. కానీ 412 బిల్లు 88 రోజులుగా రాలేదని ఆ కాగితం చెబుతోంది. వసూళ్లకు వెళ్లే కుర్రాడు దాన్ని పట్టుకుని నూజివీడు పోయి, ఎప్పుడో కట్టేసిన బిల్లుకు డబ్బు అడుగుతాడు. ఇక ఆ పార్టీకి మీ లెక్కల మీద నమ్మకం మిగలదు. ఇంకోవైపు, నిజంగా చిక్కులో ఉన్న బిల్లు ఏదో ఆ నాలుగింటి మధ్య కనపడకుండా పోతుంది. పార్టీల ఖాతాలు సరిగా ఉన్నాయో లేదో తెలుసుకోవాలంటే నేను ముందు చూసేది ఈ మైనస్ వరసలనే. అవి ఎన్ని ఉంటే అన్ని రసీదులు బిల్లుల దాకా చేరలేదన్నమాట.

మరి ఏ బిల్లుకు వేయాలి? పాతది ముందు, కొత్తది తర్వాత అన్నది అందరూ చెప్పే జవాబు. అలా వేస్తే 412, 447 పూర్తిగా తీరి, మిగిలిన 9,500 పోయి 503లో పడుతుంది. ఆ బిల్లులో 25,900, 538లో 54,100 నిలువ ఉంటాయి. లెక్క చక్కగా ఉంది. కానీ ఇలా వేసే అధికారం మొదట మనది కాదు, డబ్బు ఇచ్చినవాడిది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో 59, 60, 61 సెక్షన్లు ఈ సంగతినే చెబుతాయి. ఒకడికి చాలా బాకీలు ఉన్నప్పుడు, ఫలానా బాకీకి కడుతున్నానని చెప్పి ఇస్తే, ఆ డబ్బు పుచ్చుకున్నవాడు దానికే జమ వేయాలి. నోటితో చెప్పకపోయినా పరిస్థితిని బట్టి తెలుస్తున్నా అంతే. ఉదాహరణకు సరిగ్గా 35,400 వస్తే అది 503 బిల్లుకే అని వేరే చెప్పనక్కర్లేదు. అతను ఏమీ చెప్పకపోతే, అప్పుడు ఎంచుకునే హక్కు అమ్మినవాడికి వస్తుంది. అదీ గడువు దాటి కట్టాల్సి ఉన్న బాకీల్లోనే. మన ఉదాహరణలో 538 గడువు ఆగస్టు 27 కాబట్టి దానికి ముందుగా వేసుకోవడం కుదరదు. ఇద్దరూ ఏదీ తేల్చకపోతే తేదీల వరసే దిక్కు. అంటే, పాతది ముందు అన్న పద్ధతి చట్టంలో అన్నిటికన్నా చివర వస్తుంది. మన ఆఫీసుల్లో దాన్నే మొదట వాడుతున్నాం.

కాబట్టి వోచర్ వేయడానికి ముందు చేయాల్సిన పని ఒక ఫోన్ కాల్.

"సార్, లక్షా ఇరవై వేలు అందింది. ఏయే బిల్లులకు వేసుకోమంటారు?"

"412 పూర్తిగా కొట్టేయండి. 447లో ఎనిమిది పెట్టెల టైల్స్ పగిలి వచ్చాయని ఆ రోజే మీ డ్రైవరు చేత చలానా మీద రాయించాను కదా! అది పోగా మిగతాది. ఇంకా మిగిలితే 503లో వేసుకోండి."

లెక్క మారిపోయింది. పెట్టె 500 చొప్పున ఎనిమిదింటికి 4,000, దానిమీద 18 శాతం జీఎస్టీ 720, కలిపి 4,720. ఆ సొమ్ము పోను 447కు వచ్చింది 57,780. 412కు 48,000. ఈ రెండూ పోగా మిగిలిన 14,220 వెళ్లి 503లో చేరాలి. రసీదు వోచర్‌లో పార్టీ పేరు కింద బిల్లుల వివరాలు ఇలా పడతాయి:

```
Agst Ref   412   48,000 Cr
Agst Ref   447   57,780 Cr
Agst Ref   503   14,220 Cr
```

ఇప్పుడు బకాయి 447లో 4,720, 503లో 21,180, 538లో 54,100. కూడితే మళ్లీ అదే 80,000. `On Account` వేసినా, పాతది ముందు అని వేసినా, పార్టీ చెప్పినట్టు వేసినా లెడ్జర్ చూపించేది 80,000 మాత్రమే. పగిలిన టైల్స్ గొడవ ఒకటి తేలకుండా ఉందని చెప్పేది మాత్రం మూడో పద్ధతి ఒక్కటే. పాతది ముందు అని వేసి ఉంటే 447 తీరిపోయినట్టు కనిపించేది, ఆ 4,720 తేడా వెళ్లి 503లో దాక్కునేది. ఆరు నెలల తర్వాత 503లో అంత మొత్తం ఎందుకు ఆగిందని అడిగితే ఇద్దరిలో ఎవరికీ గుర్తుండదు.

ఆ 4,720ను ఏం చేయాలన్నది వేరే ప్రశ్న. రసీదుతో పాటే డిస్కౌంటు అని రాసి బిల్లు మూసేయాలనిపిస్తుంది. ఇంకొందరు పాత బిల్లునే తెరిచి మొత్తం తగ్గిస్తారు. ఇది మరీ ప్రమాదం. ఆ బిల్లు జూన్ నెల జీఎస్టీ రిటర్నులో వెళ్లిపోయింది, పార్టీ దానిమీద పన్ను క్రెడిట్ తీసుకుని కూడా ఉంటాడు. అమ్మకం అయినట్టే ఉండాలి. పగిలిన మాట నిజమని తేలాక 447 నంబరు మీద 4,720కు క్రెడిట్ నోట్ ఇవ్వాలి. అప్పుడు మన అమ్మకం 4,000, కట్టాల్సిన పన్ను 720 తగ్గుతాయి, అవతల అతనూ తన క్రెడిట్‌లో అంత వెనక్కి ఇచ్చేస్తాడు. 447 ఆ రోజు మూతపడుతుంది. తేలేదాకా అది తెరిచే ఉండాలి, ఉండటమే సరి.

తక్కువ వచ్చిన ప్రతిసారీ గొడవే కానక్కర్లేదు. ఒక రవాణా కంపెనీ 50,000కు బిల్లు పంపితే, కట్టేవాడు 2 శాతం టీడీఎస్ పట్టుకుని 49,000 పంపుతాడు. దీన్ని కొంత చెల్లింపుగా చూసి 1,000 బకాయి ఉందని రాస్తే తప్పు. అతను మొత్తం కట్టేశాడు, అందులో వెయ్యి మన పేరున ప్రభుత్వానికి వెళ్లింది. బ్యాంకుకు 49,000, టీడీఎస్ రావాల్సిన ఖాతాకు 1,000 ఖర్చు రాసి, పార్టీకి 50,000 జమ వేసి బిల్లు మూయాలి. ఆ వెయ్యి నిజంగా జమ అయిందో లేదో ఆదాయపు పన్ను పోర్టల్‌లో మన పాన్ మీద చూసుకోవాలి. తక్కువ ఎందుకు వచ్చిందో తెలియకుండా బిల్లును మూయకూడదు, తెలిశాక తెరిచి ఉంచకూడదు.

ఇక నిజంగానే కొంత కట్టి కొంత ఆపిన 503 సంగతి. మిగిలిన 21,180కి అదే నంబరు, అదే జులై 11 తేదీ ఉండాలి. కొందరు 'పాత బాకీ' అని `New Ref`తో కొత్త పద్దు పెట్టి, రసీదు తేదీనే దానికి తేదీగా ఇస్తారు. దాంతో నలభై రోజులు ముదిరిన బకాయి ఆ రోజే పుట్టినట్టు అవుతుంది. అవతల కొన్నవాడికి కూడా బిల్లు తేదీతో పని ఉంది. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లోగా సొమ్ము కట్టకపోతే, కట్టని మేరకు జీఎస్టీ క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కి ఇవ్వాలి. 503లో ఎంత కట్టారో రెండు పుస్తకాల్లోనూ ఒకేలా ఉంటేనే అతను ఆ లెక్క చూపగలడు. అందుకని జమ వేసిన వెంటనే ఆ మూడు వరసలూ అతనికి వాట్సాప్‌లో పంపడం మంచిది.

కాలదోషం విషయంలోనూ ఇదే మెలిక. అరువు సరుకు బాకీకి దావా వేయడానికి గడువు మూడేళ్లు. ఆ గడువు తీరకముందే కొంత కడితే, కట్టిన రోజు నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క. అయితే 1963 నాటి లిమిటేషన్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం, ఆ కట్టుబడి బాకీదారు చేతిరాతలోనో, అతని సంతకం ఉన్న కాగితంలోనో కనిపించాలి. మన ఊళ్లలో ప్రోనోటు వెనక చెల్లు రాసి బాకీదారు చేత సంతకం చేయించేది ఇందుకే. వ్యాపారంలో ఆ పని చేసేది బకాయి ధ్రువీకరణ లేఖ. సంవత్సరాంతంలో మొత్తం ఒక్కటే రాసి సంతకం తీసుకునే బదులు, ఏ బిల్లులో ఎంత వచ్చింది, ఎంత మిగిలింది అని రాయించుకుంటే తర్వాత వాదనకు చోటు తక్కువ.

అదే 1,20,000 నెఫ్ట్‌గా కాక చెక్కుగా వచ్చి, జమ వేశాక బౌన్స్ అయిందనుకోండి. రసీదు వోచర్‌ను తుడిచేయకూడదు, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో రాక, పోక రెండూ ఉంటాయి కాబట్టి పుస్తకంలోనూ రెండూ ఉండాలి. తిరుగు పద్దు వేసేటప్పుడు 48,000, 57,780, 14,220 మూడింటినీ మళ్లీ 412, 447, 503 నంబర్ల మీదికే, వాటి పాత తేదీలతోనే ఎక్కించాలి. మొత్తంగా పార్టీకి 1,20,000 ఖర్చు రాసి వదిలేస్తే ఆ మూడు బిల్లులూ తీరినట్టే ఉండిపోయి, ఏ బిల్లుకూ చెందని కొత్త బకాయి ఒకటి పుడుతుంది. బ్యాంకు పట్టుకున్న చెక్కు రిటర్ను ఛార్జీని పార్టీ మీద వేయదలిస్తే దాన్ని వేరే పద్దుగా, వేరే నంబరుతో రాయాలి, పాత బిల్లుల్లో కలపకూడదు.