డ్రమ్ము ఆయిల్ ఎవరికి గిట్టుబాటు?

బైకు మెకానిక్ షెడ్డులో సర్వీసింగులు పెరిగే కొద్దీ ఆయిల్ డీలరు నుంచి ఒక మాట వినపడుతుంది: "ఎన్నాళ్లని ఈ డబ్బాలు కొంటావు? డ్రమ్ము దింపించుకో, లీటరు మీద అరవై రూపాయలు మిగులుతాయి." ఆ మాట అబద్ధమేం కాదు. లీటరు ధర నిజంగానే తగ్గుతుంది. కాకపోతే మిగిలిందనుకున్న సొమ్ము షెడ్డు యజమాని చేతికి చేరేలోపు నాలుగైదు చోట్ల కరిగిపోతుంది. ఎక్కడెక్కడో ఒక చిన్న షెడ్డును ఉదాహరణగా పెట్టుకుని చూద్దాం. ధరలు లెక్క కోసం వేసుకున్నవే. మీ డీలరు చెప్పే ధర పెట్టి మళ్లీ కట్టుకోండి.

రోజుకు నాలుగు బళ్ల చొప్పున నెలకు 25 రోజులు పనిచేసే షెడ్డు. అంటే నెలకు 100 బళ్లు, దాదాపు 90 లీటర్ల ఆయిల్. డ్రమ్ములో ఉండేది 210 లీటర్లు కాబట్టి రెండు నెలల చిల్లరలో అయిపోతుందనిపిస్తుంది. మొదటి పొరపాటు ఇక్కడే. ఆ వందలో 50 బళ్లకు 10డబ్ల్యూ-30 కావాలి, ఓ 20 బళ్లకు 20డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50 లాంటి చిక్కటి ఆయిల్ కావాలి, మిగతా 30 స్కూటర్లు. స్కూటరుకూ 10డబ్ల్యూ-30 అనే రాసి ఉంటుంది గానీ దాని డబ్బా మీద 'జాసో ఎంబీ' అని, బైకు డబ్బా మీద 'ఎంఏ' లేదా 'ఎంఏ2' అని ఉంటుంది. మామూలు గేర్ల బైకులో క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి తిరుగుతాయి. రాపిడి తగ్గించే మందు ఎక్కువున్న స్కూటరు ఆయిల్, కారు ఆయిల్ అందులో పోస్తే ప్లేట్లు జారతాయి. ఎక్సలేటరు తిప్పితే ఇంజిన్ మోత పెరుగుతుంది, బండి మాత్రం ముందుకు లాగదు. చవకగా వస్తోందని కారు ఆయిల్ డ్రమ్ము దింపిన షెడ్డుకు బళ్లు ఈ ఫిర్యాదుతోనే తిరిగొస్తాయి.

కాబట్టి డ్రమ్ము ఆయిల్ పోయగలిగేది ఆ 50 బళ్లకే. నెలకు 45 లీటర్లు. అంటే ఒక డ్రమ్ము దాదాపు ఐదు నెలలు కూర్చుంటుంది.

ఇప్పుడు డబ్బు సంగతి. 900 మిల్లీలీటర్ల డబ్బా షెడ్డుకు రూ.300కు పడుతుందనుకుంటే లీటరు రూ.333. డ్రమ్ములో లీటరు రూ.270 అనుకుంటే మొత్తం డ్రమ్ము రూ.56,700. కాగితం మీద మిగులు రూ.13,230. పంపు అందుకోని అడుగు ఆయిల్, కారింది, ఒలికింది కలిపి ఐదు లీటర్లు తీసేస్తే రూ.1,350 పోయింది. ఆ సొమ్ము నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిందైతే, ఆయిల్ అమ్ముడవుతూ అసలు కొంచెం కొంచెంగా తిరిగొస్తుందని లెక్కేసినా మరో రూ.2,700 వడ్డీకే. మిగిలేది రూ.9,180, నెలకు రెండు వేల లోపు. చేతిపంపు కొన్నందుకు మొదటి డ్రమ్ములో ఇంకో రెండు మూడు వేలు తగ్గుతాయి. అయినా లాభమేగా అంటారు. నిజమే, కస్టమరు పాత ధరే ఇస్తే.

ఇవ్వడు. సీలున్న డబ్బా తన కళ్ల ముందు తెరిస్తే దాని మీదున్న ఎమ్మార్పీ రూ.390 బేరం లేకుండా ఇస్తాడు. షెడ్డుకు డబ్బాకు రూ.90 మిగులుతుంది. అదే ఆయిల్ జగ్గుతో పోస్తే "లూజు ఆయిలా?" అని మొహం చిట్లిస్తాడు, రూ.330 చేతిలో పెడతాడు. 900 మిల్లీలీటర్ల డ్రమ్ము ఆయిల్ ఖరీదు రూ.243 కాబట్టి మిగిలేది రూ.87. వడ్డీ, వృథా తీయకముందే డబ్బా కంటే మూడు రూపాయలు తక్కువ! డ్రమ్ము చవకతనమంతా కస్టమరు తగ్గింపులోకి పోయింది. డ్రమ్ము నిజంగా గిట్టేది ఎవరికంటే, సర్వీసింగుకు మొత్తంగా ఒకే ధర తీసుకునే షెడ్లకు, కొరియర్ వాళ్ల బళ్లో ఏదో కంపెనీ బళ్లో నెలవారీ కాంట్రాక్టుకు చేసే వాళ్లకు. అక్కడ డబ్బా చూపించమని అడిగేవాళ్లుండరు. లూజుగా అమ్మేటట్టయితే కొలిచే పాత్రకు తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉండాలన్నదీ గుర్తుంచుకోవాలి.

ఖర్చు కన్నా పెద్ద చిక్కు నిలవలో ఉంది. నిండు డ్రమ్ము బరువు దాదాపు 200 కిలోలు. చిన్న షెడ్డులో దానికి చోటు దొరక్క బయట రేకు చూరు కింద నిలబెడతారు. డ్రమ్ము పైభాగంలో పెద్దదొకటి, చిన్నదొకటి రెండు మరల బిరడాలుంటాయి. చుట్టూ అంచు లేచి ఉండటంతో వాన పడితే పైన నీళ్లు నిలుస్తాయి. పగటి ఎండకు లోపలి గాలి, ఆయిల్ వ్యాకోచించి కొంత గాలి బిరడా మరల సందుల్లోంచి బయటికి పోతుంది. రాత్రి చల్లబడగానే లోపల ఒత్తిడి తగ్గి, అదే సందులోంచి పైన నిలిచిన నీటిని లోపలికి లాక్కుంటుంది. డ్రమ్ము ఊపిరి పీల్చినట్టే. బిరడా గట్టిగానే బిగించామని మెకానిక్ అంటాడు, అది నిజమే కావచ్చు. కొత్త డ్రమ్ములోకీ నీరు ఇలాగే చేరుతుంది.

నీరు ఆయిల్ కంటే బరువు కాబట్టి అడుక్కు దిగుతుంది. కొంత ఆయిల్‌లో కలిసి పాల టీ రంగు తెస్తుంది. అనుమానం వస్తే సన్నటి గొట్టంతో అడుగు నుంచి కాస్త తీసి గాజు సీసాలో ఒక రోజు ఉంచండి. మసకగా ఉన్నా, అడుగున వేరే పొర కనిపించినా నీరు చేరినట్టే. బాగా వేడెక్కిన ఇనప రేకు మీద రెండు చుక్కలు వేస్తే, నీరున్న ఆయిల్ చిటపటలాడుతుంది (కళ్లు దూరంగా పెట్టుకోండి). అలాంటి ఆయిల్‌ను ఎండలో పెట్టి బాగుచేసే దారి లేదు. అందులో కలిపిన మందులు దెబ్బతింటాయి, పోసిన ఇంజిన్ బేరింగులకు తుప్పు పడుతుంది. డబ్బా పాడైతే పోయేది మూడొందలు. డ్రమ్ము పాడైతే ఏభై ఆరు వేలు, ఆ లోపు పోసిన బళ్లన్నీ అదనం.

బయట పెట్టక తప్పకపోతే నిండు డ్రమ్మును చెక్క దుంగల మీద పడుకోబెట్టాలి. రెండు బిరడాలూ గడియారంలో మూడు, తొమ్మిది అంకెలున్నట్టు అడ్డంగా ఒకే మట్టంలోకి రావాలి. అప్పుడవి ఆయిల్‌లో మునిగి ఉంటాయి, గాలి లోపలికి పోయే దారి ఉండదు. తెరిచిన డ్రమ్మును మాత్రం లోపలే పెట్టాలి. పంపుకు, జగ్గుకు మూత ఉండాలి. కిరసనాయిలుతో కడిగిన జగ్గు, నూలు పోగులు రాలే వేస్టు గుడ్డ, పక్కనే గ్రైండింగ్ మిషన్ నుంచి లేచే ఇనప రజను, అన్నీ ఆయిల్‌లోకి వెళ్లేవే. ఖాళీ డ్రమ్మును గ్యాసు కట్టరుతో కోసి తొట్టి చేసుకోవడం మన దగ్గర మామూలే. లోపల మిగిలిన ఆయిల్ వేడికి ఆవిరై పేలుతుంది. ప్రాణాలు తీసే పని అది.

డబ్బాలకు ఈ తిప్పలు లేవు, వేరే తిప్పలుంది. ఖాళీ డబ్బా పాత సామాన్లవాడి చేతికి పోతే నకిలీ ఆయిల్ నింపుకుని మళ్లీ బజారుకొస్తుంది. దాన్ని కోసి పారేయాలి.

డ్రమ్ముకూ డబ్బాకూ మధ్య 20 లీటర్ల బకెట్టు ఉంది. డ్రమ్మంత చవక కాదు గానీ సగం నెలలో ఖాళీ అవుతుంది, లోపలే పడుతుంది, పాడైనా నష్టం భరించగలిగేంతే. డీలరుకు అడ్వాన్సు ఇచ్చే ముందు మూడు నెలల బిల్లులు గ్రేడు వారీగా కూడండి. ఏ ఒక్క గ్రేడూ నెలకు 70 లీటర్లు దాటకపోతే, షెడ్డులో నీడన చోటు లేకపోతే, డ్రమ్ము జోలికి పోకండి. ఆ గ్రేడుకు బకెట్టు, మిగతా వాటికి డబ్బాలు చాలు.