ముడతతో పాటు వంగే అక్షరం

ఆన్‌లైన్ దుకాణాల్లో టీషర్టులు చూసేటప్పుడు ఒక సంగతి గమనించండి. అదే మనిషి, నిలబడ్డ తీరు అదే, చంక దగ్గర ముడత కూడా అదే. ఛాతీ మీద అక్షరాలు మాత్రం మారుతుంటాయి. ప్రతి డిజైన్‌నూ అచ్చు వేయించి, తొడిగించి, ఫొటో తీయించడం చాలామంది వ్యాపారులకు గిట్టుబాటు కాదు. ఖాళీ టీషర్టుకు ఒక్క ఫొటో తీసి, లోగోలను కంప్యూటర్‌లో అతికిస్తారు. ఊరికే అతికిస్తే మోసం వెంటనే తెలిసిపోతుంది, ఎందుకంటే గుడ్డ వంగినా అక్షరం వంగదు. దాన్ని వంచడానికి ఎక్కువమంది వాడే ఉపాయం పేరు డిస్‌ప్లేస్‌మెంట్ మ్యాప్.

ఫొటోలో కంప్యూటర్‌కు గుడ్డ కనబడదు, ముడతా కనబడదు. దానికి తెలిసేది ప్రతి చుక్కకూ ఒక అంకె: నలుపుకు 0, తెలుపుకు 255, మధ్య బూడిదరంగుకు 128. అయితే ఆ అంకెల్లోనే ముడత ఆచూకీ ఉంది. వెలుగు తిన్నగా తగిలిన తలం ఎక్కువ ప్రకాశిస్తుంది, పక్కకు వాలిన కొద్దీ మసకబారుతుంది. యోహాన్ లాంబర్ట్ 1760లో దీన్ని లెక్కగా రాసిపెట్టాడు. టీషర్టు అంతా ఒకే రంగు అయితే, దాని మీద కనిపించే వెలుగునీడల తేడా చాలావరకు గుడ్డ వాలు వల్ల వచ్చిందే. కాబట్టి గుడ్డ ఫొటోనే నలుపు తెలుపుగా మార్చి, అక్షరాన్ని ఎక్కడ ఎంత జరపాలో చెప్పే పటంగా వాడుకోవచ్చు.

ఫొటోషాప్‌లో ఈ పని చేసే ఫిల్టర్ `Filter > Distort > Displace`. దాని నియమం చాలా తేలిక. పటంలో 128 ఉన్నచోట లోగో కదలదు. అంతకన్నా చీకటైతే ఒక వైపుకు, వెలుగైతే ఎదుటి వైపుకు జరుగుతుంది. ఎంత జరగాలన్నది మనం ఇచ్చే స్కేల్ మీద ఆధారపడుతుంది:

```
జరుగుడు = (అంకె − 128) × స్కేల్ / 100
```

స్కేల్ 100 అయితే గరిష్ఠంగా 128 పిక్సెళ్లు జరుగుతుంది. టీషర్టుకు అది మరీ ఎక్కువ, అక్షరాలు చిందరవందర అయిపోతాయి. 10 దగ్గర మొదలుపెట్టడం మంచిది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. తెల్లటి టీషర్టు ఫొటోలో ఛాతీ వెడల్పు 1000 పిక్సెళ్లు. అసలు గుడ్డ మీద అది సుమారు 50 సెంటీమీటర్లు అనుకుంటే, ఒక పిక్సెల్ అర మిల్లీమీటరు. గుడ్డ సాఫీగా ఉన్నచోట అంకె 193, ముడత నీడలో 160, వెలుగు పడ్డ అంచున 235. ఈ ఫొటోను ఉన్నదున్నట్టుగా పటం చేస్తే, ముడతలు లేనిచోట కూడా లోగో (193 − 128) × 10 / 100, అంటే 6.5 పిక్సెళ్లు పక్కకు పోతుంది. కొత్తవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే. లోగో మొత్తం ఎందుకు జరిగిందో తెలియక చేత్తో వెనక్కి లాగుతారు. అప్పుడు ముడతకూ వంపుకూ పొత్తు తప్పుతుంది.

అందుకే ముందుగా `Levels` తో సాఫీ గుడ్డను 128 దగ్గరకు దించాలి, వెలుగునీడల మధ్య ఎడం కాస్త పెంచాలి. ఇప్పుడు నీడ 88, వెలుగు 178 అయ్యాయనుకోండి. స్కేల్ 10 వద్ద నీడలో ఉన్న గీత 4 పిక్సెళ్లు ఒక వైపుకు, వెలుగులో ఉన్నది 5 పిక్సెళ్లు ఎదుటి వైపుకు జరుగుతాయి. మొత్తం తేడా 9 పిక్సెళ్లు, గుడ్డ మీద నాలుగున్నర మిల్లీమీటర్లు. పలచటి నూలు గుడ్డ ముడతకు నమ్మదగిన కొలతే. స్కేల్ 40 పెట్టి ఉంటే ఇది 18 మిల్లీమీటర్లయ్యేది, అక్షరం జెల్లీలా ఊగినట్టు కనబడేది. స్కేల్‌ను కంటి అంచనాకు వదిలేయకుండా ఇలా మిల్లీమీటర్లలోకి మార్చి చూసుకుంటే చాలా తిప్పలు తప్పుతాయి.

పటాన్ని కొద్దిగా `Gaussian Blur` చేయడం మరిచిపోకూడదు. గుడ్డ నేతలోనూ కెమెరా గరుకులోనూ ఉన్న చిన్న చిన్న తేడాలను కూడా ఫిల్టర్ ముడతలే అనుకుంటుంది, అక్షరం అంచులు ఎలుక కొరికినట్టు తయారవుతాయి. అంచు చిరిగినట్టుంటే బ్లర్ చాలలేదు. చిన్న ముడతల దగ్గర అక్షరం నిటారుగా ఉండిపోతే బ్లర్ ఎక్కువైంది. ఆ పటాన్ని PSD ఫైలుగా భద్రపరచి, లోగో ఉన్న బొమ్మకూ దానికీ కొలతలు ఒకటిగా ఉంచాలి. లేకపోతే పటం సాగిపోయి, లేదా పలకల్లా పరుచుకుని, వంపులు ముడతలు లేనిచోట వస్తాయి. లోగో పెట్టేముందు అడ్డం నిలువు గీతల గళ్లతో ఒకసారి పరీక్షించండి. తెలుగు అక్షరాల గుండ్రటి ఒంపుల్లో చిన్న తప్పులు దాక్కుంటాయి, తిన్నని గీతలో దాగవు. ఉచితంగా దొరికే గింప్‌లోనూ ఇదే ఫిల్టర్ `Filters > Map > Displace` దగ్గర ఉంది.

వంపు వచ్చినా నీడ రాలేదు కదా. దానికి లోగో లేయర్‌ను `Multiply` చేస్తారు. పై అంకెను కింది అంకెతో గుణించి 255తో భాగించడమే అది. లోగోలో 200 ఉన్నచోటు, ఫొటోలో 160 ఉన్న నీడ మీద 125 అవుతుంది. 235 ఉన్న వెలుగులో 184 అవుతుంది. నిజంగా జరిగేది కూడా ఇదే: పడిన వెలుగులో కొంత భాగాన్నే సిరా తిరిగి పంపుతుంది. నల్ల టీషర్టు దగ్గర మాత్రం ఈ లెక్క పనికిరాదు. 30తో గుణించాక తెల్ల అక్షరం కూడా చీకట్లో కలిసిపోతుంది. పైగా నలుపులో వెలుగునీడల తేడా అంతంతమాత్రమే కాబట్టి పటమూ పేలవంగా వస్తుంది.

ఇంతకీ ఈ పటం చెప్పేది నిజమేనా? కాదు. వెలుగు చెప్పేది గుడ్డ వాలును, ఎత్తును కాదు. వాలు నుంచి ఆకారాన్ని రాబట్టడం వేరే లెక్క. 1970లో ఎంఐటీలో బెర్తోల్డ్ హోర్న్ పీహెచ్‌డీ పరిశోధన దాని మీదే. మన ఫిల్టర్ అంత శ్రమ పడదు. ఒకే బూడిదరంగు పటం ఇస్తే అడ్డంగానూ నిలువుగానూ కలిపి ఐమూలగా జరుపుతుంది. నిజానికి కెమెరా తిన్నగా ఎదురుగా ఉంటే, నిలువు ముడత మీది అడ్డ గీత పైకీ కిందికీ వంగనే వంగదు. ముడత పక్కల్లో కురచబడుతుంది, అంతే. అందుకని నిలువు ముడతలున్న ఫొటోకు `Vertical Scale` ను 2 లేదా 3కు తగ్గించండి. మిగతా తప్పు సాధారణంగా కంటికి ఆనదు. ముడత ఉన్నచోట వంపు ఉంటే చాలు, కన్ను తృప్తి పడుతుంది.

కన్ను ఊరుకోనిది ఒకటే చోట. గుడ్డ తన మీదికి తానే మడత పడినప్పుడు అక్షరంలో కొంత భాగం, చీర కుచ్చిళ్లలో బుటా సగం మాయమైనట్టు, లోపలికి పోవాలి. ఈ ఫిల్టర్‌కు జరపడమే తెలుసు, దాచడం తెలియదు. అక్కడ అక్షరాన్ని మడత అంచున చేత్తో కోసి, మరుగుపడే ముక్కను చెరిపి, మిగిలిన సగాన్ని దగ్గరకు జరపాలి. అందుకే ఇలాంటి పనికి ఫొటో తీసేటప్పుడే లేత రంగు, చారలు లేని టీషర్టు ఎంచుకోండి, వెలుగు ఒక పక్క నుంచి పడేలా చూసుకోండి, ఛాతీ మీద గుడ్డ మడత పడకుండా సరిచేయండి.