మీరు చదవలేని సిఫారసు లేఖ

అమెరికాలో ఎంఎస్‌కి దరఖాస్తు పెట్టేవాళ్లు ఆన్‌లైన్ ఫారంలో సిఫారసు లేఖల పేజీకి రాగానే ఒక ప్రశ్న కనిపిస్తుంది. ఈ లేఖను తర్వాత చూసే హక్కును మీరు వదులుకుంటున్నారా, లేదా? కింద రెండు గడులు ఉంటాయి, ఏదో ఒకటి ఎంచుకోవాలి. చాలామంది సీనియర్‌కి ఫోన్ చేసి, అతను ఏది నొక్కమంటే అది నొక్కేస్తారు. ఆ గడి వెనక ఏముందో తెలిస్తే మాత్రం ప్రొఫెసర్‌ని ఎప్పుడు అడగాలి, ఏం ఇవ్వాలి అన్నవి కూడా తేటపడతాయి.

ఆ ప్రశ్న 1974లో అమెరికాలో వచ్చిన ఒక చట్టం నుంచి పుట్టింది. ఫెర్పా అని పిలిచే ఆ చట్టం, విద్యాసంస్థ తన గురించి దాచుకున్న రికార్డులను చూసే హక్కు విద్యార్థికి ఇచ్చింది. దాంతో సిఫారసు లేఖలు కూడా విద్యార్థి కంటపడే పరిస్థితి వచ్చింది. విద్యార్థి చదువుతాడని తెలిస్తే ఉన్నదున్నట్టు ఎవరు రాస్తారని అధ్యాపకుల వైపు నుంచి అభ్యంతరాలు లేచాయి. ఆ ఏడాది చివర్లోనే చట్టాన్ని సవరించారు. 1975 జనవరి 1కి ముందు ఫైల్లో చేరిన రహస్య లేఖలను చూపించనక్కర్లేదన్నారు. ఆ తర్వాతి లేఖల విషయంలో, విద్యార్థి తనంతట తాను హక్కు వదులుకుంటూ సంతకం చేయవచ్చన్నారు. ఫారంలోని గడి ఆ సంతకమే.

వదులుకుంటే పోయేదెంత?

ఈ హక్కు చాలా చిన్నది. ఫెర్పా వర్తించేది ఆ విశ్వవిద్యాలయంలో చేరి చదివిన విద్యార్థికే. సీటు రానివారికి అక్కడి ఫైలు చూసే హక్కు మొదటి నుంచీ లేదు. సీటు వచ్చి చేరినవారు కూడా, లేఖ ఇంకా ఫైల్లో ఉంటేనే చూడగలరు. అడ్మిషన్లు ముగిశాక లేఖలను తీసేసే సంస్థలు ఉన్నాయి. అంటే మీరు ఎనిమిది చోట్ల దరఖాస్తు పెడితే, చేరే ఆ ఒక్క చోట, అదీ చేరిన తర్వాత, లేఖ మిగిలి ఉంటే చూడొచ్చు. మీరు వదులుకునేది ఇంతే.

వదులుకోకపోతే మాత్రం నష్టం వెంటనే కనబడుతుంది. లేఖ చదివే అడ్మిషన్ కమిటీకి మీరు ఏ గడి ఎంచుకున్నారో తెలుస్తుంది. విద్యార్థి చూస్తాడన్న ఎరుకతో రాసిన పొగడ్తను వాళ్లు కొంత తగ్గించుకునే చదువుతారు. హక్కు వదులుకోకపోతే రాయనని చెప్పే ప్రొఫెసర్లు కూడా ఉంటారు. అందుకే వదులుకోవడమే మేలు. అలాగని బలవంతమేమీ లేదు. హక్కు వదులుకుంటేనే సీటిస్తామనే షరతు ఏ సంస్థా పెట్టకూడదని చట్టమే చెబుతోంది. వదులుకున్నాక కూడా ఎవరెవరు లేఖలు రాశారో అడిగితే వాళ్ల పేర్లు చెప్పాలి. ఆ లేఖను ఏ పని కోసం తెప్పించారో ఆ పనికే వాడాలి. తర్వాత మనసు మారి వెనక్కి తీసుకున్నా, అది ఆ పైన జరిగేవాటికే వర్తిస్తుంది. అప్పటికే వచ్చిన లేఖ తెరుచుకోదు.

ఇంకో సంగతి. మీరు వదులుకున్న హక్కు విశ్వవిద్యాలయం ఫైలుకు సంబంధించింది, ప్రొఫెసర్ చేతికి సంకెళ్లు వేసేది కాదు. ఆయనే పిలిచి ఒక కాపీ చూపిస్తే తప్పేమీ లేదు. కానీ మీరు అడగకూడదు.

లేఖ బయటికి వెళ్లాక అందులో ఏముందో మీకు తెలియదు, దిద్దుకునే దారీ లేదు. కాబట్టి మీ చేతిలో ఉన్నదంతా లేఖ రాయక ముందే ఉంది. ఎవరిని అడిగారు, ఎప్పుడు అడిగారు, ఏం ఇచ్చారు అన్న మూడింటిలోనే మీ పని అయిపోవాలి.

ఎవరిని, ఎలా అడగాలి?

గుంటూరు దగ్గరి కాలేజీలో ఈసీఈ ఫోర్-వన్ చదువుతున్న ఒక అమ్మాయిని ఊహించుకుందాం. ఆరు విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు పెడుతోంది. ఒకదానికి డిసెంబర్ 1, మిగతావాటికి డిసెంబర్ 15 గడువు. ఎక్కువ చోట్ల అడిగేవి మూడు లేఖలు.

మొదట ఆమెకు హెచ్‌ఓడీ గుర్తొస్తారు. పెద్ద హోదా, పేరు వెనక పీహెచ్‌డీ. కానీ ఆయన ఈమెకు ఒక్క సబ్జెక్టూ చెప్పలేదు. ఆయన రాయగలిగింది హాజరు, మార్కులు, మంచి నడవడిక. అవి ట్రాన్‌స్క్రిప్ట్‌లోనూ దొరుకుతాయి, లేదా ఎవరి గురించైనా రాసేవే. త్రీ-వన్‌లో సిగ్నల్ ప్రాసెసింగ్ చెప్పి, త్రీ-టూలో మినీ ప్రాజెక్టు చేయించిన అసిస్టెంట్ ప్రొఫెసర్ అయితే ఆమె ఎక్కడ తడబడిందో, ఎలా బయటపడిందో చూశారు. అడగాల్సింది ఆయన్నే.

అడిగేటప్పుడు కాదనడానికి ఆయనకు దారి వదలాలి. "సార్, ఎల్‌ఓఆర్ ఇవ్వండి" అంటే మొహమాటానికైనా సరేనంటారు. అలా కాకుండా, "సార్, మినీ ప్రాజెక్టులో నా పని మీరు చూశారు. దాన్నిబట్టి నా గురించి గట్టిగా రాయొచ్చనిపిస్తే రాస్తారా? వీలు కాకపోయినా ఫరవాలేదు సార్, చెప్పండి" అని అడగాలి. "చూద్దాంలే", "ఇంకెవరినైనా కూడా అడిగి పెట్టుకో" అన్న జవాబు వస్తే అది లేదనే. చల్లగా రాసిన లేఖ చేసే చెడును మీరు తర్వాత చూడనైనా చూడలేరు. అప్పుడే థాంక్స్ చెప్పి వేరేవాళ్ల దగ్గరికి వెళ్లడం నయం.

గడువు నుంచి వెనక్కి లెక్క

ఆమె మొదటి గడువు డిసెంబర్ 1. నవంబర్, డిసెంబర్ నెలల్లో సెమిస్టర్ పరీక్షలు, వాల్యుయేషన్ డ్యూటీలు వచ్చిపడతాయి. అదే సమయంలో ఆ ప్రొఫెసర్ దగ్గరికి ఇంకో పదిమంది వస్తారు. అందుకే ఆమె సెప్టెంబర్ మూడో వారంలో నేరుగా కలిసి అడుగుతుంది. అక్టోబర్ మొదటి వారంలో వివరాలన్నీ ఒకే మెయిల్‌లో పంపుతుంది. అక్టోబర్ నెలాఖరుకల్లా పోర్టళ్లలో ఆయన పేరు ఎక్కిస్తుంది. గడువుకు పది రోజుల ముందు ఒక్కసారి గుర్తుచేస్తుంది. కనీసం నాలుగు వారాలైనా లేకుండా అడిగితే ప్రొఫెసర్ పాత లేఖలోనే పేరు మార్చి పంపే ప్రమాదం ఉంది.

పేరు ముందుగా ఎక్కించడానికి ఇంకో కారణమూ ఉంది. కొన్ని పోర్టళ్లలో పేరు సేవ్ చేయగానే ప్రొఫెసర్‌కి మెయిల్ పోతుంది. కొన్నింటిలో దరఖాస్తు మొత్తం సబ్మిట్ చేశాకే పోతుంది. రెండో రకం పోర్టల్‌లో చివరి రాత్రి సబ్మిట్ చేస్తే, ప్రొఫెసర్‌కి చేతిలో మిగిలేది కొన్ని గంటలే.

గడువు అమెరికా తూర్పు తీర సమయం ప్రకారం డిసెంబర్ 15 రాత్రి 11:59 అయితే, మనకది 16వ తేదీ ఉదయం 10:29. ఈ వెసులుబాటు మీ దగ్గరే ఉంచుకోండి. ప్రొఫెసర్‌కి మాత్రం గడువుకు వారం ముందు తేదీ చెప్పండి.

ఏం ఇవ్వాలి?

సెక్షన్‌కి అరవై మంది చొప్పున ఏటా రెండు మూడు సెక్షన్లకు పాఠం చెప్పే మనిషికి మీ ముఖం గుర్తుంటుంది. ఏడాది కిందట ల్యాబ్‌లో ఏం చేశారో గుర్తుండదు. ఆ జ్ఞాపకాన్ని తిరిగి లేపడమే మీరిచ్చే కాగితాల పని. రెజ్యూమె, మార్కుల జాబితా, ఎస్‌ఓపీ చిత్తుప్రతి, విశ్వవిద్యాలయాల పేర్లు, కోర్సులు, గడువులు ఉన్న ఒక పట్టిక ఎలాగూ ఉండాలి. అసలు విలువ మాత్రం వాటికి జతచేసే ఒక్క పేజీది. అందులో ఆయన కళ్లముందు జరిగినవే ఉండాలి.

"నేను కష్టపడి పనిచేస్తాను, నాయకత్వ లక్షణాలున్నాయి" అని ఇస్తే ఆయన అవే మాటలు ఎక్కించి పంపుతారు. ఊహించుకున్న మన అమ్మాయి ఇలా రాసింది: "వేరుశనగ ఆకుల ఫోటోలు చూసి తెగులు గుర్తించే మినీ ప్రాజెక్టులో మొదట 94 శాతం కచ్చితత్వం వచ్చింది. రివ్యూలో మీరు వేరే పొలం ఫోటోలతో చూడమన్నారు. అది 71కి పడిపోయింది. ఒకే మొక్క ఫోటోలు నేర్పించే సెట్‌లోనూ, పరీక్షించే సెట్‌లోనూ ఉన్నాయని నేను కనిపెట్టి, మొక్కలవారీగా విడగొట్టి మళ్లీ చేశాను. చివరికి 83 వచ్చింది. రిపోర్టులో మొదటి అంకె కూడా దాచకుండా పెట్టాను."

ఇది చదవగానే ప్రొఫెసర్‌కి ఆ రివ్యూ రోజు గుర్తొస్తుంది. ఆ అమ్మాయి తప్పును ఎలా పట్టుకుందో, అంకె తగ్గినా ఎలా నిజం చెప్పిందో ఆయన తన మాటల్లో రాయగలరు. అడ్మిషన్ కమిటీ వెతికేది ఇలాంటిదే. లేఖతోపాటు చాలా పోర్టళ్లు ప్రొఫెసర్‌ని ఒక పట్టిక కూడా నింపమంటాయి. ఈ విద్యార్థి మీరు చూసినవారిలో పై 5 శాతంలోనా, 10 శాతంలోనా అని అడుగుతాయి. ఏ ఆధారమూ లేకుండా ఆ గడి నింపమంటే ఎవరైనా మధ్యలో ఎక్కడో టిక్ పెడతారు.

ఆ పేజీలో మరో రెండు విషయాలు చేర్చాలి. మిగతా ఇద్దరు ఎవరు, వాళ్లు దేని గురించి రాయబోతున్నారు అన్నది ఒకటి. అప్పుడు మూడు లేఖలూ ఒకే ప్రాజెక్టు చుట్టూ తిరగవు. టూ-వన్‌లో సప్లీ ఉంటే దాని కారణం రెండోది. లేఖలో ప్రస్తావించాలా వద్దా అన్నది ఆయనకే వదిలేయండి.

"నువ్వే రాసి తీసుకురా"

మన కాలేజీల్లో తరచూ వినిపించే జవాబిది. పని ఒత్తిడి వల్ల అనేవారు ఎక్కువ, ఇంగ్లీషులో రాయడానికి మొహమాటపడి అనేవారూ ఉంటారు. కానీ రాసింది మీరే అయినప్పుడు, "ఈ లేఖను నేను చూడను" అని వదులుకున్న హక్కుకు అర్థమే ఉండదు. పైగా ఒకే చెయ్యి రాసిన మూడు లేఖలు, పక్కన అదే చెయ్యి రాసిన ఎస్‌ఓపీ ఒకే ఫైల్లో ఉంటే, అవే వాక్యాలు, అవే విశేషణాలు చదివేవారి కళ్లలో పడతాయి. అప్పుడు మర్యాదగా, "సార్, లేఖ మీ మాటల్లో ఉంటే బాగుంటుంది. పాయింట్లన్నీ నేను రాసిస్తాను, కావాలంటే కూర్చుని గుర్తుచేస్తాను" అనవచ్చు. పైన చెప్పిన పేజీ చేతిలో ఉంటే చాలామంది ఒప్పుకుంటారు, ఎందుకంటే సగం పని తీరిపోయింది.

ప్రొఫెసర్ పేరుతో జీమెయిల్ ఖాతా తెరిచి, లేఖను తామే అప్‌లోడ్ చేస్తామనే కన్సల్టెన్సీ కనిపిస్తే దూరంగా ఉండండి. దరఖాస్తు చివర ఇందులోని వివరాలన్నీ నిజమని సంతకం చేసేది మీరు. అబద్ధమని తేలితే సీటు పోయేదీ మీకే, చేరిన తర్వాత బయటపడినా సరే. పోర్టల్‌లో కాలేజీ డొమైన్ ఉన్న అధికారిక మెయిల్ ఇవ్వండి. అది ఆయన రోజూ చూస్తారో లేదో ముందే కనుక్కోండి. చాలామందికి ఆ మెయిల్ ఉంటుంది కానీ తెరిచి చూసి నెలలవుతుంది.

పేరు ఎక్కించే పేజీలోనే హక్కు గడి కూడా ఉంటుంది. ఒకసారి మెయిల్ పోయాక దాన్ని మార్చనివ్వని పోర్టళ్లు ఉన్నాయి కాబట్టి సేవ్ చేసే ముందే చూసుకోండి. ఆరు చోట్ల నుంచి ఆరు లింకులు వస్తాయని, దేనికదే నింపాలని ప్రొఫెసర్‌కి చెప్పండి. మర్నాడు ఫోన్ చేసి అన్నీ అందాయా, ఏదైనా స్పామ్‌లో పడిందా అని అడగండి. లేఖ చదివే వీలు లేకపోయినా, అది చేరిందో లేదో మాత్రం మీ దరఖాస్తు పేజీలో కనిపిస్తుంది. గుర్తుచేసే ఫోన్ చేసే ముందు అక్కడ చూస్తే, ఇప్పటికే పంపినవారిని మళ్లీ విసిగించకుండా, మిగిలిన ఆ ఒక్క విశ్వవిద్యాలయం పేరు చెప్పి అడగొచ్చు.