జిమ్‌కు వెళ్ళేవారి రక్త పరీక్ష: ఏ అంకెను డాక్టరుకు చూపించాలి?

"రోజూ జిమ్‌కు వెళ్తున్నాను, పొట్ట కూడా లేదు. మరి కొలెస్ట్రాల్ ఎందుకు ఎక్కువ వచ్చింది?" అని రిపోర్టు పట్టుకొని అడిగే యువకులను మేము తరచుగా చూస్తుంటాము. కొందరు ల్యాబ్ వాళ్ళు పొరపాటు చేశారంటారు. మరికొందరు ఇంకో గంట వ్యాయామం చేస్తే అదే తగ్గుతుందని రిపోర్టును బీరువాలో పెట్టేస్తారు. వ్యాయామంతో ఏ అంకె దిగుతుందో, ఏది దిగదో ముందుగా తెలుసుకోవాలి.

ఒక ఉదాహరణ

పాతబస్తీలో బట్టల దుకాణం నడిపే 36 ఏళ్ళ వ్యక్తి ఉన్నారనుకుందాం. రాత్రి దుకాణం మూసి, పన్నెండున్నరకు బిర్యానీ తిని, పొద్దున్న ఏడింటికి రక్తం ఇచ్చారు. మొత్తం కొలెస్ట్రాల్ 238, హెచ్‌డిఎల్ 38, ట్రైగ్లిజరైడ్లు 210, ఎల్‌డిఎల్ 158, పరగడుపు షుగరు 112 వచ్చాయి. ఈ అంకెలన్నీ డెసిలీటరు రక్తంలో ఉండే మిల్లీగ్రాములు.

ఆయన తిని ఆరున్నర గంటలే అయింది. పరగడుపు షుగరుకు కనీసం 8 గంటలు మంచినీళ్ళు తప్ప ఏమీ తీసుకోకూడదు. ఇరానీ చాయ్, ప్రోటీన్ షేక్ కూడా తాగకూడదు. ఆ ఉదయం బరువులు ఎత్తినా కాలేయం చక్కెరను విడుదల చేసి షుగరును కొంత పెంచవచ్చు. అందుకే ముందురోజు తొమ్మిదింటికల్లా భోజనం ముగించి, జిమ్‌కు వెళ్ళకుండా వచ్చి మళ్ళీ రక్తం ఇవ్వమంటాము.

రెండు వారాల తర్వాత అలాగే ఇచ్చారు. ట్రైగ్లిజరైడ్లు 140కి దిగాయి. అంటే ముందు పెరిగినది చాలావరకు రాత్రి భోజనం వల్లనే. మొత్తం కొలెస్ట్రాల్ 236, హెచ్‌డిఎల్ 38, షుగరు 104. ఎల్‌డిఎల్ మాత్రం 170 అయింది!

ఇందులో కంగారు పడవలసింది లేదు. చాలా ల్యాబులలో ఎల్‌డిఎల్‌ను నేరుగా కొలవరు. మొత్తం కొలెస్ట్రాల్ నుంచి హెచ్‌డిఎల్‌ను, ట్రైగ్లిజరైడ్లలో అయిదో వంతును తీసివేసి లెక్క కడతారు. ట్రైగ్లిజరైడ్లు తగ్గితే తీసివేసే భాగం తగ్గి ఎల్‌డిఎల్ పెరిగినట్లు కనిపిస్తుంది. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ లెక్క అసలు పనికిరాదు. మొత్తంలోంచి హెచ్‌డిఎల్ ఒక్కటే తీసి చూడండి: మొదట 200, తర్వాత 198. పరగడుపున ఇచ్చినా, తిని ఇచ్చినా పెద్దగా మారని ఈ అంకెను డాక్టర్లు తప్పక చూస్తారు. ఈయన విషయంలో అది నిజంగానే ఎక్కువ.

వ్యాయామం ఎంతవరకు?

కండరాలు ట్రైగ్లిజరైడ్లను ఇంధనంగా వాడుకుంటాయి కనుక వ్యాయామంతో అవి బాగా తగ్గుతాయి. హెచ్‌డిఎల్ కొద్దిగా పెరుగుతుంది. ఎల్‌డిఎల్‌ను రక్తం నుంచి తీసివేసేది ముఖ్యంగా కాలేయం. అది ఎంత చురుకుగా తీసివేస్తుందనేది చాలావరకు వంశం నుంచి వస్తుంది. నెయ్యి, మాంసపు కొవ్వు ఎక్కువైతే ఆ పని ఇంకా మందగిస్తుంది. కాబట్టి కండలున్న వ్యక్తికి కూడా ఎల్‌డిఎల్ ఎక్కువ ఉండవచ్చు.

షుగరు 100 లోపు మామూలు. 100 నుంచి 125 వరకు మధుమేహానికి ముందు దశ. 126, ఆపైన వస్తే మరో రోజు మళ్ళీ చూసి నిర్ధారించాలి. మన ఉదాహరణలోని వ్యక్తి మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బిఎ1సి పరీక్ష కూడా చేయించుకోవాలి. అందులో 5.7 నుంచి 6.4 శాతం వరకు వస్తే అదీ ముందు దశే, 6.5 దాకా వస్తే మధుమేహం.

జిమ్‌కు వెళ్ళేవారిలో ఇంకొకటి గమనిస్తాము. హెచ్‌డిఎల్ 20 కంటే కిందికి పడిపోయి, ఎల్‌డిఎల్ పెరిగి ఉంటే, కండల కోసం స్టెరాయిడ్ మాత్రలు, ఇంజెక్షన్లు వాడుతున్నారేమో అడగాలి. అవి ఈ రెండింటినీ ఇలాగే మారుస్తాయి. డాక్టరు దగ్గర దీన్ని దాచవద్దు.

డాక్టరును ఎప్పుడు కలవాలి?

• ఎల్‌డిఎల్ 190 లేదా ఆపైన: వంశపారంపర్యం కావచ్చు. తోబుట్టువులకు, పిల్లలకు కూడా పరీక్ష అవసరం.

• ఎల్‌డిఎల్ 160 దాటి, తండ్రికి లేదా అన్నదమ్ములకు 55 ఏళ్ళలోపు గుండెపోటు వచ్చి ఉంటే.

• ట్రైగ్లిజరైడ్లు 500 దాటితే: క్లోమం వాచే ప్రమాదం ఉంది. పొట్ట పైభాగంలో తీవ్రమైన నొప్పి కూడా ఉంటే వెంటనే రావాలి.

• పరగడుపు షుగరు 126 లేదా ఆపైన: ఆ వారంలోనే.

• షుగరు 250 దాటి, విపరీతమైన దాహం, ఎక్కువ మూత్రం ఉంటే అదే రోజు. ఇలాంటప్పుడు బరువు తగ్గితే జిమ్ వల్లనే అనుకొని సంతోషించకండి. అది మధుమేహపు లక్షణం కావచ్చు.

వ్యాయామంలో ఛాతీ బిగబట్టినట్లయినా, నొప్పి ఎడమచేతికో దవడకో పాకినా, రిపోర్టు బాగుందని ఆగకండి. అప్పటికప్పుడు ఎమర్జెన్సీకి రండి.

మన ఉదాహరణలోని వ్యక్తికి ఇది అత్యవసరం కాదు, కానీ బీరువాలో పెట్టే రిపోర్టు కూడా కాదు. వచ్చే రెండు మూడు వారాలలో, రెండు రిపోర్టులు, తాను వాడే పొడులు, మాత్రల డబ్బాలు పట్టుకొని డాక్టరును కలవాలి. మందు అవసరమా, మూడు నెలలు ఆహారం మార్చి చూడవచ్చా అన్నది బీపీ, పొగ అలవాటు, కుటుంబ చరిత్ర చూసి డాక్టరు నిర్ణయిస్తారు.